ఎన్‌పీఎస్ రెండు నెలలూ 20, కానీ జవాబులు మాత్రం ఒకలా లేవు: దీన్ని ఎలా చదవాలి?

సుధీర_బెజవాడ

నేను ఒక ప్రాంతీయ బ్రాడ్‌బ్యాండ్ సంస్థలో కస్టమర్ సర్వేల విశ్లేషణ చూస్తాను. "మా సేవను మీ స్నేహితులకు, బంధువులకు ఎంతవరకు సిఫార్సు చేస్తారు?" అని అడిగి, 0 నుంచి 10 వరకు ఒక అంకె తీసుకుంటాము. 9, 10 ఇచ్చినవారు ప్రమోటర్లు, 7, 8 ఇచ్చినవారు పాసివ్‌లు, 6, అంతకంటే తక్కువ ఇచ్చినవారు డిట్రాక్టర్లు. ప్రమోటర్ల శాతంలోంచి డిట్రాక్టర్ల శాతాన్ని తీసివేస్తే వచ్చేదే నెట్ ప్రమోటర్ స్కోరు, అంటే ఎన్‌పీఎస్.

జనవరిలో 200 మంది జవాబిచ్చారు. వారిలో ప్రమోటర్లు 90, పాసివ్‌లు 60, డిట్రాక్టర్లు 50 మంది, అంటే 45 శాతంలోంచి 25 శాతం పోగా స్కోరు 20. ఫిబ్రవరిలోనూ 200 జవాబులే వచ్చాయి. ఈసారి ప్రమోటర్లు 110, పాసివ్‌లు 20, డిట్రాక్టర్లు 70 మంది, అంటే 55 లోంచి 35 పోగా మళ్ళీ 20. నెలవారీ సమావేశంలో "మార్పు లేదు" అని ఒక్క ముక్కలో తేల్చి తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు.

జవాబులను ఒక్కొక్కటిగా చదివిన నాకు అది మింగుడు పడలేదు. జనవరిలో 0, 1, 2 ఇచ్చినవారు 10 మందే ఉంటే, ఫిబ్రవరిలో 48 మంది ఉన్నారు. 10కి 10 ఇచ్చినవారు కూడా 40 నుంచి 85కు పెరిగారు. ఈ తేడాను పైవారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి, దీని కారణాన్ని ఎక్కడ వెతకాలి అన్నదే నా ప్రశ్న.

ఫణి_ప్రోడక్ట్

సుధీర గారూ, ప్రమోటర్లు 45 శాతం నుంచి 55 శాతానికి పెరగడం మంచి వార్తే కదా, దాన్ని మీరు ముందు పెట్టి చెప్పవచ్చు. ఇక తీసివేతతో వచ్చే స్కోరు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మామూలు సగటు తీసి చూడండి, అసలు సంగతి అందులో బయటపడుతుంది. మా సంస్థలో ఎన్‌పీఎస్‌ను పూర్తిగా వదిలేసి సగటునే వాడుతున్నాము.

దంతవైద్యురాలు_గుంటూరు

నమస్కారం. నాకు ఒక చిన్న దంత వైద్యశాల ఉంది. చికిత్స అయ్యాక మేమూ ఇదే ప్రశ్నను వాట్సాప్‌లో పంపుతాము. పోయిన నెల 40 మంది జవాబిచ్చారు, వారిలో 9, 10 ఇచ్చినవారు 28, 6 లేదా అంతకంటే తక్కువ ఇచ్చినవారు 4, కాబట్టి స్కోరు 60. అంతకు ముందు నెల 70 వచ్చింది. ఈ స్కోరును మళ్ళీ పైకి తీసుకురావాలంటే రోగులను ఎలా అడగాలి? ప్రశ్నను చికిత్స అయిన వెంటనే పంపాలా, మరుసటి రోజు పంపాలా? తెలిసినవారు చెప్పగలరు.

మూర్తి_గణాంకాలు

డాక్టరు గారూ, మీ సంగతికి తర్వాత వస్తాను. సుధీర గారు అడిగినది స్కోరును పెంచే మార్గం కాదు, చదివే మార్గం. నేను చాలా కాలం డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధించాను, కాబట్టి లెక్క వైపు నుంచి మాట్లాడతాను.

ఈ స్కోరులో సమాచారం రెండు చోట్ల పోతుంది. పదకొండు అంకెల కొలబద్దను మూడు గదులుగా కుదించడం మొదటిది. మీ జనవరి డిట్రాక్టర్లు 50 మందిలో 40 మంది 5, 6 ఇచ్చినవారేనని మీరిచ్చిన లెక్కల నుంచి ఊహిస్తున్నాను. ఫిబ్రవరి డిట్రాక్టర్లు 70 మందిలో 48 మంది 0 నుంచి 2 లోపు ఇచ్చారు. 6 ఇచ్చి ఊరుకున్న మనిషికీ, 0 ఇచ్చి కనెక్షన్ తీసేద్దామనుకుంటున్న మనిషికీ ఈ లెక్కలో ఒకే విలువ. రెండోది తీసివేత. ఇటు పది మంది, అటు పది మంది కొత్తగా చేరితే రెండూ చెల్లిపోయి స్కోరు కదలకుండా నిలుస్తుంది. మీ పట్టికలో జరిగింది సరిగ్గా అదే. మధ్యలో ఉన్న 60 మంది 20కి తగ్గి, రెండు కొసలూ పెరిగాయి.

ఫణి గారు చెప్పిన సగటు కొంతవరకు పనికొస్తుంది. సుధీర గారు అంకెల వారీ పట్టిక ఇస్తే లెక్కవేసి చూద్దాము. కానీ సగటు కూడా ఒక్క అంకే. దానికీ ఇదే రోగం ఉంటుందని నా అనుమానం.

ఇక అందరూ మరచిపోయేది ఊగిసలాట. ఏ నెలలోనైనా జవాబిచ్చేది కస్టమర్లలో కొందరే కాబట్టి, వేరే 200 మంది జవాబిచ్చి ఉంటే స్కోరు మరోలా వచ్చేది. ఎంత మరోలా వచ్చేదో ఈ సూత్రం చెబుతుంది. P, D అంటే ప్రమోటర్ల, డిట్రాక్టర్ల నిష్పత్తులు, n అంటే జవాబుల సంఖ్య:

```
100 * 1.96 * sqrt((P + D - (P - D)^2) / n)
```

జనవరికి ఇది దాదాపు 11 పాయింట్లు, ఫిబ్రవరికి దాదాపు 13. అంటే మీ జనవరి 20ని "9 నుంచి 31 మధ్యలో ఎక్కడో ఒకచోట" అని చదవాలి. ఇలాంటి రెండు నెలల స్కోర్ల మధ్య తేడా సుమారు 17 పాయింట్లు దాటకపోతే, నిజంగా ఏదో మారిందని గట్టిగా చెప్పలేము. మూడు పాయింట్లు పెరిగినందుకు బహుమతి, మూడు తగ్గినందుకు మందలింపు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. అవి చాలాసార్లు కాకతాళీయానికి జీతం ఇస్తున్నాయి. అయితే 200 మందిలో పాసివ్‌లు 60 నుంచి 20కి పడిపోవడం, అట్టడుగు అంకెలు 10 నుంచి 48కి పెరగడం ఊగిసలాటతో వచ్చేవి కావు. స్కోరు కదలలేదు గానీ దాని కింద ఉన్నది కచ్చితంగా కదిలింది. సమావేశంలో ఈ మాటే చెప్పండి.

కారణం వెతికే ముందు ఒక్క విషయం తెలియాలి. రెండు నెలల్లోనూ ప్రశ్న ఒకే రకం మనుషులకు, ఒకే సందర్భంలో వెళ్ళిందా?

లైన్_పని_కాకినాడ

నేను మరో సంస్థలో ఇళ్ళకు వెళ్ళి లైన్లు బాగుచేస్తాను. ఈ స్కోరు మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. మా ఇన్సెంటివ్‌లో కొంత భాగం కస్టమర్ ఇచ్చే అంకె మీద ఆధారపడి ఉంటుంది. 9, 10 వస్తేనే మాకు లెక్క. 8 ఇచ్చిన కస్టమర్ మమ్మల్ని మెచ్చుకున్నాననే అనుకుంటారు, కానీ మా పట్టికలో దానికి విలువ లేదు. అందువల్ల పని పూర్తయ్యాక "మేడమ్, లింకు వస్తుంది, దయచేసి 10 నొక్కండి, లేకపోతే మాకు ఇబ్బంది" అని అడిగేవారు మాలో చాలామంది ఉన్నారు. ఇంటికి వచ్చి ఎండలో పనిచేసిన మనిషి అడిగితే కాదనేవారు తక్కువ. ఆ 10 నెట్‌కు ఇచ్చినది కాదు, ఎదురుగా ఉన్న మనిషికి ఇచ్చినది.

ఇంకొకటి, మేము వెళ్ళని ఇళ్ళలో 10 అడిగే మనిషే ఉండడు. ఫిర్యాదును ఆఫీసులో నుంచే ఫోన్ చేసి మూసేస్తే, లింకు మాత్రం వెళుతుంది. అక్కడ వచ్చే అంకెలు ఎలా ఉంటాయో మీరే చూడండి.

సుధీర_బెజవాడ

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూర్తి గారు అడిగిన ప్రశ్నతోనే చిక్కు చాలావరకు విడింది. జనవరి దాకా ఈ ప్రశ్న నెల బిల్లు కట్టిన కస్టమర్లలో కొందరికి వెళ్ళేది. ఫిబ్రవరి 1 నుంచి ఫిర్యాదు టికెట్ మూసిన గంటలోపు వెళ్ళేలా మార్చారు. ఆ మార్పు వేరే విభాగం చేసింది, స్కోరు పట్టిక కింద ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

కాకినాడ మిత్రులు చెప్పినట్టు ఫిబ్రవరి జవాబులను రెండుగా విడదీశాను. టెక్నీషియన్ ఇంటికి వెళ్ళిన టికెట్లు 130. వారిలో ప్రమోటర్లు 104, పాసివ్‌లు 14, డిట్రాక్టర్లు 12, కాబట్టి స్కోరు దాదాపు 71. ఎవరూ వెళ్ళకుండా ఫోన్ మీదే మూసిన టికెట్లు 70. వారిలో ప్రమోటర్లు 6, పాసివ్‌లు 6, డిట్రాక్టర్లు 58, కాబట్టి స్కోరు మైనస్ 74. ఈ రెండూ కలిసి మా 20 అయ్యింది. 20 అనిపించుకునే అనుభవం నిజానికి ఏ కస్టమర్‌కూ కలగలేదు.

ఫణి గారు సూచించిన సగటు కూడా వేశాను. జనవరిలో 7.7, ఫిబ్రవరిలో 6.9.

ఫణి_ప్రోడక్ట్

చూశారా, సగటు 0.8 పడిపోయింది. స్కోరు దాచినదాన్ని సగటు చూపించింది.

మూర్తి_గణాంకాలు

పడిందని చూపించింది ఫణి గారూ, ఆ మేరకు మీ మాట నిజమే. కానీ 6.9 అని వినగానే మనసుకు ఏం తోస్తుంది? ఏదో ఒక మోస్తరుగా ఉంది, కస్టమర్లు 7 దగ్గర ఉన్నారు అని. సుధీర గారూ, ఫిబ్రవరిలో 7 ఇచ్చినవారు ఎంతమంది?

సుధీర_బెజవాడ

8 మంది.

మూర్తి_గణాంకాలు

200 మందిలో 8 మంది ఉన్న చోటును సగటు చూపిస్తోంది. అందుకే అంకెల వారీ పట్టికను, అంటే 0 ఎంతమంది, 1 ఎంతమంది అనే పదకొండు గడుల పట్టీని స్కోరు పక్కనే అచ్చువేయమని నేను కోరతాను. ఒక చిన్న స్తంభచిత్రం చాలు. రెండు గుట్టలు కనిపిస్తే, అక్కడ రెండు వేర్వేరు అనుభవాలు కలిసిపోయాయని మొదటి చూపులోనే అనుమానించవచ్చు.

రమ_న్యూజెర్సీ

నేను ఇక్కడ ఒక బీమా సంస్థలో ఇదే పని చేస్తాను, వేర్వేరు దేశాల నుంచి జవాబులు వస్తాయి. రెండు విషయాలు చేర్చాలనిపించింది.

ఈ పద్ధతిని ఫ్రెడ్ రైకెల్డ్ 2003 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రతిపాదించారు. సంస్థ ఎదుగుదలను తెలుసుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న చాలన్నది ఆయన వాదన. 2007లో టిమొతీ కీనింగామ్, ఆయన సహచరులు జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో ప్రచురించిన పరిశోధనలో, ఎదుగుదలను సూచించడంలో ఇది ఇతర సంతృప్తి కొలతల కంటే మెరుగన్న ఆధారం దొరకలేదు. 2021లో రైకెల్డ్ స్వయంగా, స్కోరు కోసం ఒత్తిడి చేయడం వల్ల ఈ కొలత పాడైందని ఒప్పుకుంటూ, పాత కస్టమర్లు తిరిగి కొన్నదాన్ని, వారి సిఫార్సు మీద వచ్చిన కొత్త కస్టమర్లను ఖాతా పుస్తకాల నుంచి లెక్కించే మరో కొలతను దానికి జోడించారు. కాకినాడ మిత్రులు చెప్పిన "10 నొక్కండి" వ్యవహారం ఒక్క చోటి సమస్య కాదు. అమెరికాలో కార్ల షోరూములలో కూడా ఇది అందరికీ తెలిసిన సంగతే.

రెండవది, 6 అనే అంకె సంగతి. మనం చదువుకున్న పద్ధతిలో 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్, 75 వస్తే డిస్టింక్షన్. 100కి 100 ఎవరికీ వేయకూడదనుకునే మాస్టార్ల దగ్గర పెరిగిన మనిషి, సేవ బాగుందనుకునే 7 ఇవ్వవచ్చు, ఫర్వాలేదు అనుకుని 6 ఇవ్వవచ్చు. ఆ 6ను అసంతృప్తిగా లెక్కించడం ఆ మనిషి చెప్పని మాటను అతని నోట పెట్టడమే అవుతుంది. కొన్ని దేశాల వారు కొస అంకెలను సులభంగా ఇస్తారు, కొన్ని దేశాల వారు మధ్యలోనే ఉంటారు. అందుకే మేము ఒక దేశం స్కోరును మరో దేశం స్కోరుతో పోల్చడం మానేసి, ప్రతి దేశాన్నీ దాని నిరుటి పట్టికతోనే పోలుస్తున్నాము.

సుధీర గారి జనవరి పట్టికలో 5, 6 ఇచ్చిన 40 మంది నాకు ఈ కోవకే చెందినవారిలా కనిపిస్తున్నారు. ఫిబ్రవరిలో 0 ఇచ్చినవారితో వారిని కలిపి లెక్కించకూడదు.

ఫణి_ప్రోడక్ట్

రమ గారి మాటలు ఆలోచించదగినవి. అయితే పరిష్కారం ఇప్పుడు తేలికే అనిపిస్తోంది. ఇంటికి వెళ్తే 71, వెళ్ళకపోతే మైనస్ 74. ప్రతి టికెట్‌కూ టెక్నీషియన్‌ను పంపితే స్కోరు దానంతట అదే పెరుగుతుంది.

లైన్_పని_కాకినాడ

అలా కుదరదు సార్. వీధి మొత్తానికి ఫైబర్ కేబుల్ తెగినప్పుడు ఇంటికి వెళ్ళి చేసేదేమీ ఉండదు, కేబుల్ అతికేదాకా అందరూ ఆగాల్సిందే. బిల్లు గొడవకు కూడా నేను వెళ్ళి లాభం లేదు. మా దగ్గర ఫోన్ మీద మూసే టికెట్లలో ఇలాంటివి చాలానే ఉంటాయి. రూటర్‌ను ఒకసారి ఆపి వేయమంటే నిజంగానే బాగుపడేవి కూడా కొన్ని ఉంటాయి. అన్నీ ఒకే గంపలో వేయకండి.

మూర్తి_గణాంకాలు

ఆయన చెప్పినదే అసలు జాగ్రత్త. 71కీ, మైనస్ 74కీ మధ్య తేడా ఇంటికి వెళ్ళడం వల్లే వచ్చిందని పట్టిక చెప్పడం లేదు. ఏ సమస్యకు మనిషిని పంపారో, ఏ సమస్యకు పంపలేదో అన్నదే ముందునుంచీ వేరుగా ఉండవచ్చు. పైగా ఆ 71లో కొంత భాగం ఎదురుగా నిలబడి అడిగినందువల్ల వచ్చినది కావచ్చు. అది ఎంతో విడదీయాలంటే, లింకును గంటలోపు కాకుండా రెండు మూడు రోజుల తర్వాత కొందరికి చీటీ తీసినట్టుగా ఎంపిక చేసి పంపి చూడాలి. అప్పటికి టెక్నీషియన్ మాట మరుగున పడుతుంది, లైన్ నిజంగా బాగుపడిందో లేదో కస్టమర్‌కు తెలుస్తుంది.

సుధీర గారూ, 0 నుంచి 2 ఇచ్చినవారు ఏమైనా రాశారా?

సుధీర_బెజవాడ

48 మందిలో 31 మంది రాశారు. అందరివీ చదివి, రాసిన విషయాన్ని బట్టి విడదీశాను. 19 మంది దాదాపు ఒకే మాట రాశారు: ఫోన్ వచ్చింది, సమస్య తీరిపోయిందన్నారు, నెట్ మాత్రం ఇంకా రావడం లేదు. 7 మంది బిల్లు గురించి, మిగిలిన 5 మంది వేర్వేరు సంగతులు రాశారు. ఆ 19 మందికి కోపం నెట్ ఆగినందుకు కాదు, ఆగి ఉండగానే బాగైందని రాసుకున్నందుకు. ఒకరు "మీ దగ్గర నా ఫిర్యాదు లేదట, నా ఇంట్లో మాత్రం ఉంది" అని రాశారు. ఈ వాక్యం స్కోరులో ఎక్కడా కనిపించదు.

మా కాల్ సెంటర్‌కు టికెట్‌ను 24 గంటలలో మూయాలనే నిబంధన ఉంది. ఆ గడువు దగ్గరపడ్డ టికెట్లను బాగుకాకుండానే మూస్తున్నారేమోనని నా అనుమానం. ఇది ఇంకా రుజువు కాలేదు.

రమ_న్యూజెర్సీ

రుజువు చేయడానికి సర్వే అక్కరలేదు. మూసిన ఏడు రోజులలోపు అదే నంబరు నుంచి మళ్ళీ ఫిర్యాదు వచ్చిన టికెట్లు ఎన్ని, అవి ఎన్నో గంటలో మూసినవి అని చూడండి. 22, 23, 24వ గంటలలో మూసినవి మిగతావాటి కంటే చాలా ఎక్కువగా తిరిగి తెరుచుకుంటూ ఉంటే మీ అనుమానానికి బలం వస్తుంది. సర్వేకు జవాబివ్వనివారు కూడా ఈ లెక్కలోకి వస్తారు. 200 జవాబులు ఎన్ని సందేశాలకు వచ్చాయి?

సుధీర_బెజవాడ

దాదాపు 2000 సందేశాలకు.

రమ_న్యూజెర్సీ

అంటే పది మందిలో తొమ్మిది మంది ఏమనుకున్నారో మనకు తెలియదు. జవాబిచ్చేవారిలో బాగా సంతోషించినవారు, బాగా కోపం వచ్చినవారు ఎక్కువగా ఉండడం మామూలే, అది కూడా మధ్య గదిని ఖాళీ చేస్తుంది. కనెక్షన్ తీసేసుకున్నవారికి సందేశమే వెళ్ళదు కాబట్టి అందరికంటే ఎక్కువ బాధపడినవారు లెక్కలోనే ఉండరు. జవాబు ఇవ్వనివారిలో ఓ ముప్పై మందిని చీటీ తీసినట్టుగా ఎంచుకుని ఫోన్‌లో మాట్లాడించండి. స్కోరు అడగవద్దు, ఏం జరిగిందో చెప్పమనండి.

దంతవైద్యురాలు_గుంటూరు

చర్చ చదివాక నా ప్రశ్న మారింది. 70 నుంచి 60కి పడిందని మా రిసెప్షన్‌లో ఉండే అమ్మాయితో మాట్లాడదామనుకున్నాను. అది అవసరమా?

మూర్తి_గణాంకాలు

మీ 40 జవాబుల మీద 60 అంటే, అటూ ఇటూ 21 పాయింట్ల ఊగిసలాట ఉంటుంది డాక్టరు గారూ. ఒక్క రోగి 9కి బదులు 6 నొక్కినా మీ స్కోరు 5 పాయింట్లు పడుతుంది. అలాంటి ఇద్దరితో మీ పది పాయింట్లూ పోతాయి. స్కోరును చూపించి ఎవరినీ ఏమీ అనవద్దు. 6, అంతకు తక్కువ ఇచ్చినవారు మీకు నలుగురే కదా, ఆ నలుగురికీ మీరే ఫోన్ చేయండి. మీ పరిమాణంలో అంతకంటే మంచి సర్వే లేదు.

ఫణి_ప్రోడక్ట్

ఒక్క విషయంలో నేను ఇప్పటికీ ఒప్పుకోలేకపోతున్నాను. పై స్థాయి వారికి పదకొండు గడుల పట్టీ, రెండు విభాగాల స్కోర్లు, ఊగిసలాట హద్దులు, రాసిన మాటలు అన్నీ ఇస్తే ఎవరూ చదవరు. వారు ఒక్క అంకే అడుగుతారు, అది వారి తప్పు కాదు, వారి ముందు ఇలాంటివి ఇరవై ఉంటాయి.

రమ_న్యూజెర్సీ

ఆ ఇబ్బంది నిజమే. మేము స్కోరును తీసివేయలేదు, దాని పక్కన ప్రమోటర్ల శాతాన్ని, డిట్రాక్టర్ల శాతాన్ని విడివిడిగా రాస్తున్నాము. 20 అని కాకుండా "55, 35" అని రాస్తే అడగాల్సిన ప్రశ్న దానంతట అదే పుడుతుంది. కానీ జీతాలతో ముడి తెగనంత కాలం ఇది పూర్తిగా బాగుపడుతుందని నేను అనుకోవడం లేదు. మా సంస్థలో కూడా ఆ ముడి ఇంకా తెగలేదు.

సుధీర_బెజవాడ

మార్చి నివేదికలో ఫిబ్రవరి స్కోరును జనవరితో పోల్చకుండా, ప్రశ్న పంపే సందర్భం మారిందని మొదటి వరుసలోనే రాస్తున్నాను. దాని కింద "55, 35" అని, టెక్నీషియన్ వెళ్ళిన, వెళ్ళని టికెట్లను విడివిడిగా, ఆ 19 మంది మాటల్లో మూడింటిని ఉన్నవి ఉన్నట్టుగా పెడుతున్నాను. తిరిగి తెరుచుకున్న టికెట్ల లెక్క కోసం సాంకేతిక విభాగాన్ని అడిగాను.

ఒక్కటి మాత్రం నాకు తేలలేదు. బాగుకాకుండా టికెట్లు మూయడం ఫిబ్రవరిలోనే మొదలైందా, లేక జనవరిలోనూ ఉండి, అప్పుడు మేము అడిగిన మనుషులు వేరు కాబట్టి కనిపించలేదా?

మూర్తి_గణాంకాలు

సర్వే నుంచి అది తేలదు. జనవరిలో ఫిర్యాదు చేసినవారిని ఎవరూ అడగలేదు. బిల్లు కట్టినవారికి పంపే పాత పద్ధతిని కూడా కొద్దిమందికి కొనసాగిస్తే ఇకముందైనా పోల్చడానికి వీలుంటుంది.

రమ_న్యూజెర్సీ

ఆ విషయంలో మీతో విభేదిస్తున్నాను మాస్టారూ. ఒకే కస్టమర్‌కు నెలలో రెండు సందేశాలు వెళితే, ఇప్పుడు జవాబిచ్చే ఆ పదో మనిషి కూడా మానేస్తాడు. జనవరి టికెట్లు వారి కంప్యూటర్లలో ఉన్నాయి కదా, తిరిగి తెరుచుకున్న లెక్కను నవంబరు నుంచి తీయించండి సుధీర గారూ.

లైన్_పని_కాకినాడ

తీయించేటప్పుడు ఒక్కటి గమనించండి మేడమ్. కస్టమర్ మళ్ళీ ఫోన్ చేసినప్పుడు పాత టికెట్‌ను తెరవకుండా కొత్త నంబరుతో టికెట్ వేయడం మా దగ్గర మామూలు. మీ దగ్గర కూడా అలాగే ఉంటే, తిరిగి తెరుచుకున్నవి దాదాపు సున్నా అని వస్తుంది. టికెట్ నంబరుతో కాకుండా కస్టమర్ ఖాతా నంబరుతో వెతకమని చెప్పండి.